వంద రూపాయల స్టాంపు మీద తోట అగ్రిమెంటు చాలుతుందా?

ప్రశ్న: సార్, మామిడికుదురు దగ్గర 30 సెంట్ల కొబ్బరి తోటను మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర 24 లక్షలకు కొంటున్నాం. 8 లక్షలు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటాం, మిగతా డబ్బు 8 నెలల్లో ఇస్తాం. తోట మాత్రం ఆ రోజే మా చేతికి ఇచ్చేస్తానన్నాడు. 100 రూపాయల ఈ-స్టాంపు సరిపోతుందని రాసే ఆయన అంటున్నారు. నిజమేనా? స్టాంపు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? అమ్మ పెన్షన్‌కి ఒక అఫిడవిట్ కూడా కావాలి, దానికి ఎంత స్టాంపు కొనాలి?
– అమలాపురం పాఠకుడు

జవాబు: సరిపోదండీ. మీరు రాసిన వివరాల్లో "తోట ఆ రోజే మా చేతికి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ స్టాంపు విలువను తేల్చేది ఆ మాటే.

పత్రం పైన అగ్రిమెంటు అని రాశామా, సేల్ డీడ్ అని రాశామా అన్నదాన్ని బట్టి స్టాంపు సుంకం మారదు. లోపల ఏం రాశారో దాన్ని బట్టే లెక్క కడతారు. మన రాష్ట్రానికి వర్తించే స్టాంపు చట్టం షెడ్యూలులో 47-ఎ ఆర్టికల్ కింద ఒక వివరణ ఉంది. అమ్మకం ఒప్పందంతో పాటు ఆస్తిని స్వాధీనం చేస్తే, ఆ ఒప్పందాన్ని అమ్మకంగానే లెక్కించి సుంకం వేయాలని అది చెబుతుంది. అంటే "ఈ రోజే మీ స్వాధీనం చేశాము" అని ఒక్క వాక్యం రాసినా 100 రూపాయల స్టాంపు చాలదు. అమ్మకానికి పడే 5 శాతం సుంకం కట్టాలి. మీ ధర 24 లక్షలు కాబట్టి అది 1,20,000 రూపాయలు. ప్రభుత్వ మార్కెట్ విలువ అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ విలువ మీద లెక్క.

ఈ తేడా అగ్రిమెంటు రాసిన రోజున ఎవరికీ కనిపించదు. రేపు ఆయన మనసు మార్చుకుని, మీరు కోర్టుకు వెళ్ళాల్సి వచ్చిందనుకోండి. పత్రం చూడగానే జడ్జిగారు దాన్ని ఆపేస్తారు. తక్కువ పడిన సుంకం 1,19,900, దానికి పది రెట్ల జరిమానా 11,99,000, రెండూ కలిపి 13,18,900 రూపాయలు కడితేనే ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు. స్టాంపు చట్టం 35వ సెక్షన్ చెప్పేది ఇదే. 8 లక్షల బయానాకు రుజువుగా పెట్టుకున్న కాగితాన్ని వాడుకోవడానికి 13 లక్షలు కట్టాలన్నమాట.

ఇంతకీ ఆ ఎనిమిది నెలలు తోట చేతిలో ఉంటే మీకు వచ్చేదెంత? 30 సెంట్లలో సుమారు 20 చెట్లు ఉంటాయనుకుందాం. నలభై అయిదు రోజులకో దింపు చొప్పున అయిదు దింపులు వస్తాయి. చెట్టుకు పది కాయలు, కాయకు 15 రూపాయలు అనుకున్నా మొత్తం 15,000. కూలి ఖర్చులు పోతే ఇంకా తగ్గుతుంది. ఈ డబ్బు కోసం అంత పెద్ద ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవద్దని నా గట్టి సలహా. రిజిస్ట్రేషన్ రోజు వరకు తోట ఆయన దగ్గరే ఉండనివ్వండి, దింపులు ఆయనే తీసుకుంటారు, బదులుగా ధరలో 15,000 తగ్గించమని అడగండి. అన్నదమ్ముల వరస కాబట్టి కుదురుతుంది. అగ్రిమెంటులో "స్వాధీనం రిజిస్ట్రేషన్ రోజున ఇవ్వబడును" అని స్పష్టంగా రాయించండి. స్వాధీనం లేని ఒప్పందానికి సుంకం చాలా తక్కువ. రాసిన చిత్తు ప్రతిని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపిస్తే ఎంతో లెక్క కట్టి చెబుతారు. ఎలాగూ అక్కడికి వెళ్ళాలి. 1999 నుంచి మన దగ్గర స్థిరాస్తి అమ్మకం ఒప్పందాన్ని కూడా రిజిస్టర్ చేయించాల్సిందే.

లేదు, తోట ఇప్పుడే కావాలంటారా, అప్పుడు 1,20,000 ఇప్పుడే కట్టేయండి. ఆ డబ్బు ఎక్కడికీ పోదు. తర్వాత ఆ ఒప్పందం ప్రకారమే సేల్ డీడ్ చేయించుకున్నప్పుడు, ముందే కట్టిన సుంకాన్ని దానికి పడే సుంకంలో సర్దుబాటు చేస్తారు. కాకపోతే బేరం మధ్యలో చెడితే ఆ మొత్తం ఇరుక్కుపోతుంది. అందుకే మొదటి దారే మంచిదంటున్నాను.

ఇక స్టాంపు కొనడం. అదే రోజైనా సరే, సంతకాలు పెట్టే ముందే కొనాలి. ఈ-స్టాంపు మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా ముద్ర అవుతాయి. పాత తేదీ వేసి రాసిన అగ్రిమెంటు అక్కడే దొరికిపోతుంది. ఫారంలో కొన్నవారి పేరు, ఇరు పక్షాల పేర్లు, పత్రం రకం, సుంకం ఎవరు కడుతున్నారు అన్నవి రాసివ్వాలి. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. ప్రింటు తీశాక ఇంటి పేరులో ఒక అక్షరం తప్పుపడి, మళ్ళీ కొత్త స్టాంపు కొనాల్సి వచ్చిన వాళ్ళను చాలామందిని చూశాను.

అసలుదో కాదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. www.shcilestamp.com అని మీ ఫోన్‌లో మీరే టైపు చేసి, Verify e-Stamp Certificate అన్నచోట రాష్ట్రం, IN-AP తో మొదలయ్యే సర్టిఫికెట్ నంబరు, పత్రం రకం, తేదీ ఇవ్వండి. ఈ-స్టాంపులు జారీ చేసే స్టాక్ హోల్డింగ్ సంస్థ మొబైల్ యాప్‌లో సర్టిఫికెట్ మీది కోడ్‌ను స్కాన్ చేసినా వస్తుంది. వేరే యాప్‌తో స్కాన్ చేసి, అది తీసుకెళ్ళిన పేజీని నమ్మకండి. దొంగ కాగితం చేసినవాడు దొంగ పేజీ కూడా చేయగలడు. నంబరు ఉందని రాగానే తృప్తి పడకూడదు. తెర మీద కనిపించే పేర్లు, సుంకం మొత్తం, తేదీ మీ చేతిలోని కాగితంతో ఒక్కొక్కటే పోల్చాలి. ఒకసారి నా దగ్గరికి వచ్చిన కౌలు పత్రంలో నంబరు నిజమైనదే, కానీ సైటులో వేరే ఊరి వాళ్ళ పేర్లున్నాయి. ఎవరిదో సర్టిఫికెట్ మీద పేర్లు మార్చి ప్రింటు తీశారు. కాగితంలో ఉన్నదానికి, సైటులో ఉన్నదానికి తేడా ఉంటే అది చెల్లదని ఆ సర్టిఫికెట్ కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. సరిచూసుకునే బాధ్యత వాడేవారిదేనని కూడా ఉంటుంది.

రిజిస్టర్ చేయించే పత్రమైతే సబ్ రిజిస్ట్రార్ ఆ సర్టిఫికెట్‌ను సిస్టంలో లాక్ చేస్తారు, మళ్ళీ ఎవరూ వాడలేరు. నోటరీతోనో, తెల్లకాగితం జతచేసో ముగించే పత్రాలకు ఆ రక్షణ లేదు. వాటిని మీరే చూసుకోవాలి.

స్టాంపు ఆరు నెలలకు చెల్లకుండా పోతుందన్న టెన్షన్ పెట్టుకోకండి. ఆ గడువు వాడని స్టాంపును తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకోవడానికే గాని వాడటానికి కాదని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది.

అమ్మగారి అఫిడవిట్ సంగతి. కేవలం పెన్షన్ పొందడానికి ఇచ్చే అఫిడవిట్‌కు స్టాంపు చట్టంలోనే మినహాయింపు ఉంది. కోర్టులో దాఖలు చేయడానికి ఇచ్చేవాటికీ అంతే. అయినా కొన్ని ఆఫీసుల్లో స్టాంపు మీదే కావాలంటారు. కాబట్టి ముందు ఆ ఆఫీసులో వాళ్ళ నమూనా ఫారం అడిగి తీసుకోండి. తెల్లకాగితం మీద ఉంటే స్టాంపు కొనకండి, నోటరీ ఫీజు మాత్రం వేరే ఇవ్వాలి.

బయానా 8 లక్షలూ బ్యాంకు ఖాతా నుంచే పంపి, ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరును అగ్రిమెంటులో రాయించండి. చిత్తు ప్రతిలో "స్వాధీనం" అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో పెన్నుతో గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే స్టాంపు కొనడానికి వెళ్ళండి.