లేఆఫ్ అయిన అకౌంటెంట్ లింక్డ్‌ఇన్‌లో ఏం రాయాలి?

"మేడం, మా అమ్మాయి ఆరేళ్లుగా అకౌంటెంట్. పోయిన నెల దాని టీమ్ మొత్తాన్ని తీసేశారు. లింక్డ్‌ఇన్‌లో పోస్టు వేస్తానంటోంది. 'ఉద్యోగం పోయింది, ఫైనాన్స్‌లో ఏ పని ఇచ్చినా చేస్తాను, దయచేసి సాయం చేయండి' అని రాసుకుంది. చదివితే నాకు కడుపు తరుక్కుపోయింది. అందరి ముందూ చెప్పుకున్నట్టు ఉంటుందేమో. అసలు వేయాలా? వేస్తే ఎలా రాయాలి?"

వేయమనండమ్మా, కానీ ఆ పోస్టు మాత్రం వద్దు. ఉద్యోగం పోయిందని చెప్పడంలో తప్పేం లేదు, టీమ్ మొత్తం పోయిందంటే అది ఆమె పనితనం గురించి కాదని చదివేవాళ్లకి ఒక్క వాక్యంలో అర్థమైపోతుంది. నాకు గుచ్చుకున్నది "ఏ పని ఇచ్చినా" అన్న మాట. ఆ పోస్టు చూసిన పాత సహోద్యోగికి ఎక్కడో ఒక ఖాళీ తెలిసే ఉండొచ్చు, కానీ అది ఈమెకు సరిపోతుందో లేదో పోస్టులో ఎక్కడా లేదు కాబట్టి ఒక లైక్ కొట్టి, 'ఆల్ ది బెస్ట్' అని రాసి కిందికి వెళ్లిపోతాడు. రిక్రూటర్లయితే వెతికేదే ఉద్యోగం పేరుతో. "ఏ పనైనా" అనే పేరుతో ఉద్యోగం ఉండదు కదా.

మీరు నంబర్ ఇచ్చాక అమ్మాయితో అరగంట మాట్లాడాను. మొదట అడిగితే "ఇన్‌వాయిస్‌లు, రీకన్సిలియేషన్లు, మంత్ ఎండ్ చూసేదాన్ని" అంది. అంటే బిల్లులు, బ్యాంకు లెక్కతో కంపెనీ లెక్క సరిపోల్చడం, నెలాఖరు లెక్కలు మూయడం. అకౌంటెంట్లందరూ చెప్పేది అదే. అందుకని ప్రశ్న మార్చాను. నెల ముగిశాక మొదటి వారం రోజులు నీ టేబుల్ మీద ఏముండేది, నువ్వు సెలవు పెడితే ఏది ఆగిపోయేది, నువ్వొచ్చాక ఏం మారింది అని అడిగాను. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది.

ఆమె ఈ పనిలోకి వచ్చినప్పుడు నెల లెక్కలు మూయడానికి, అంటే క్లోజ్‌కు, 9 పనిదినాలు పట్టేదట. ఆలస్యం ఎక్కువగా ప్రొవిజన్ల దగ్గరే. సరుకు వచ్చేసి ఉంటుంది, లేదా సర్వీసు అయిపోయి ఉంటుంది, బిల్లు మాత్రం రాదు. అయినా ఆ ఖర్చు ఆ నెలలోనే పడాలి కాబట్టి అంచనా వేసి ఎంట్రీ వేయాలి, ఆ అంచనా కోసం ఒకటో తారీఖు తర్వాత ఒక్కో విభాగానికి ఫోన్ చేసి "మీ దగ్గర ఇంకా ఏం బిల్లులు రావాలి?" అని అడుక్కోవాలి. ఈమె ఏం చేసిందంటే, 25వ తేదీకే మూయని పర్చేజ్ ఆర్డర్లన్నీ తీసి, విభాగం వారీగా విడగొట్టి, "వీటిలో పని పూర్తయినవి టిక్ పెట్టి 28కల్లా పంపండి" అని మెయిల్ పెట్టడం మొదలెట్టింది. రెండో పనిదినానికల్లా ప్రొవిజన్ ఎంట్రీలు పడిపోయేవి. ఏడాది తిరిగేసరికి క్లోజ్ 6 రోజులకు దిగింది. ఇంత చేసిన పిల్ల దయచేసి సాయం చేయండని రాసుకుంటే నాకు కోపం రాదా చెప్పండి.

ఇంకొకటి కూడా చెప్పింది, అదీ తానేదో మామూలు విషయం అన్నట్టు. ఒకే బిల్లు రెండుసార్లు చెల్లింపుకు రావడం. సిస్టమ్ ఒకే ఇన్‌వాయిస్ నంబర్ మళ్లీ వస్తే పట్టుకుంటుంది, కానీ ఒకరు INV-0451 అనీ మరొకరు INV451 అనీ ఎక్కిస్తే దాని దృష్టిలో అవి రెండు వేర్వేరు బిల్లులు. ఈమె ప్రతి చెల్లింపు జాబితానూ అంతకుముందు చెల్లించినవాటితో కలిపి ఎక్సెల్‌లోకి తీసుకుని, వెండర్ కోడూ మొత్తమూ రెండూ కలిసిన వరుసలను COUNTIFS తో లెక్కపెట్టి, ఒకటి కంటే ఎక్కువ వచ్చినవి చేత్తో చూసేది. నెల అద్దెలాంటివి మొత్తం ఒకటే ఉన్నా నిజంగానే వేర్వేరు బిల్లులు, వాటిని వదిలేయాలి. అలా పోయిన ఏడాది 14 డూప్లికేట్లు డబ్బు పోకముందే ఆపింది. "ఎక్సెల్‌లో ప్రావీణ్యం" అని రాసే వాళ్లు లక్షల్లో ఉంటారు, ఇది రాయగలిగేవాళ్లు ఎందరు?

ఇక ఏ ఉద్యోగం అడగాలి అన్నది. ఆమె జాబితాలో ఫైనాన్షియల్ అనలిస్ట్, ఆడిట్, ట్యాక్స్, చివరికి హెచ్‌ఆర్ కూడా ఉంది. ఆరేళ్లలో మొదటి మూడూ బిల్లుల చెల్లింపు, తర్వాతి మూడూ జనరల్ లెడ్జర్, అంటే కంపెనీ మొత్తం లెక్కల పుస్తకం, దాని క్లోజ్. కాబట్టి సీనియర్ అకౌంటెంట్, జనరల్ లెడ్జర్ అకౌంటెంట్, మూడోది కావాలంటే అకౌంట్స్ పేయబుల్ టీమ్ లీడ్. అంతే. ఉద్యోగం వెతుకుతున్నానని లింక్డ్‌ఇన్‌లో తెలిపే Open to work సెట్టింగ్‌లో ఐదు ఉద్యోగాల పేర్ల దాకా పెట్టుకోవచ్చు, కానీ ఖాళీ ఉందని నింపనక్కర్లేదు. అనలిస్ట్ కావాలనే కోరిక నిజంగా ఉంటే దానికి వేరే దారి ఉంది, ఈ పోస్టులో కలిపితే మాత్రం రెండూ పలచబడతాయి. పేర్లు కూడా ఉద్యోగ ప్రకటనల్లో ఎలా ఉంటాయో అలాగే పెట్టాలి, "ఫైనాన్స్ ప్రొఫెషనల్" అని పెట్టుకుంటే ఎవరూ ఆ మాటతో వెతకరు.

పోస్టులో 3,000 అక్షరాల దాకా రాయొచ్చు గానీ, ఫీడ్‌లో నడుస్తున్నవాళ్లకి కనిపించేది మొదటి రెండు మూడు వరుసలే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. "బరువెక్కిన గుండెతో" అని మొదలెడితే ఆ రెండు వరుసలూ దానికే అయిపోతాయి. నేను ఇలా రాయమన్నాను, ఆమె ఇంగ్లీషులోకి తన మాటల్లో మార్చుకుంటుంది:

"సీనియర్ అకౌంటెంట్ లేదా జనరల్ లెడ్జర్ అకౌంటెంట్ ఉద్యోగం కోసం చూస్తున్నాను. మంత్ ఎండ్ క్లోజ్, ప్రొవిజన్లు, బ్యాంక్ రీకన్సిలియేషన్లు మూడేళ్లుగా నా బాధ్యత.

మా అకౌంట్స్ పనిని వేరే కేంద్రానికి తరలించడంతో పోయిన నెల మా టీమ్ మొత్తం ఉద్యోగాలు పోయాయి.

మేం ఏడుగురం కలిసి క్లోజ్‌ను 9 పనిదినాల నుంచి 6కు తెచ్చాం. అందులో నా వంతు ప్రొవిజన్లు: మూయని పర్చేజ్ ఆర్డర్లను నెలాఖరుకు ముందే విభాగాలతో సరిచూసే పద్ధతి పెట్టాను. నాలుగు బ్యాంకు ఖాతాల రీకన్సిలియేషన్ నేనే చేసేదాన్ని, 60 రోజులు దాటిన తేడా ఏదీ మిగలనిచ్చేదాన్ని కాదు. అంతకుముందు మూడేళ్లు నెలకు సుమారు 900 వెండర్ బిల్లులు చూశాను. ఆ తర్వాత కూడా చెల్లింపు జాబితాలు సరిచూస్తూ, పోయిన ఏడాది 14 డూప్లికేట్ చెల్లింపులను ముందే ఆపాను.

రోజూ వాడినవి ఎస్ఏపీ, ఎక్సెల్. కన్సాలిడేషన్ చేయలేదు, నేర్చుకోవాలని ఉంది.

ఆఫీసుకు వచ్చైనా, ఇంటి నుంచైనా పనిచేస్తాను. వెంటనే చేరగలను. మీ టీమ్‌లో క్లోజ్ ఆలస్యమవుతుంటే నాతో మాట్లాడండి."

చివరి వాక్యం చూసి అమ్మాయి "మరీ గొప్పలు చెప్పుకున్నట్టు లేదా?" అంది. లేదు. చేసిన పని పైనే ఉంది కాబట్టి ఆ మాట నిలబడుతుంది.

అయితే నమ్మకంగా రాయడం వేరు, ఉన్నదానికంటే ఎక్కువ రాయడం వేరు, అకౌంట్స్‌లో ఆ తేడా ఎదుటివాళ్లు చాలా తొందరగా పట్టేస్తారు. "క్లోజ్‌ను నేను 3 రోజులు తగ్గించాను" అని రాస్తే ఇంటర్వ్యూలో ఫైనాన్స్ మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న "తరుగుదల ఎంట్రీలు ఎవరు వేసేవారు?" అని. వేరొకరు వేసేవారంటే ఆ మూడు రోజులూ ఈమెవి కావని తేలిపోతుంది. అందుకే "మేం", "నా వంతు" అని విడదీసి రాయించాను. ప్రొవిజన్ల మీద కూడా తప్పకుండా అడుగుతారు, మరుసటి నెల బిల్లు వచ్చినప్పుడు ఖర్చు రెండుసార్లు పడకుండా ఏం చేశావని. మొదటి తారీఖున ఆ అంచనాను వెనక్కి తిప్పే రివర్సల్ పడేలా ఎంట్రీ వేసేదాన్నని, అంచనాకూ బిల్లుకూ తేడా పెద్దదైతే ఏం చేసేదాన్నో ఒక ఉదాహరణతో చెప్పగలగాలి. ఫోన్‌లో నేను అడిగితే తడుముకోకుండా చెప్పింది, కాబట్టి ఆ వాక్యం ఉంచొచ్చు. చెప్పలేని వాక్యం ఏదైనా ఉంటే పోస్టులోంచి తీసేయమనండి, ఎంత బాగున్నా సరే. గ్రూపు కంపెనీల లెక్కలన్నీ ఒక్కటిగా కలిపే కన్సాలిడేషన్ చేయలేదని రాయించింది కూడా అందుకే. లేనిది లేదని ఒక్కచోట రాస్తే మిగతా అంకెలు నమ్మబుద్ధేస్తాయి.

కంపెనీ లోపలి లెక్కలు మాత్రం బయటికి రాకూడదు. ఎన్ని బిల్లులు, ఎన్ని రోజులు అన్నవి పర్వాలేదు, అవీ గుండ్రంగా. టర్నోవర్, వెండర్ల పేర్లు, ఏ ఖాతాలో ఎంత తేడా ఉండేది, స్క్రీన్‌షాట్లు, ఇవేవీ వద్దు. అలాంటివి పోస్టులో పెట్టిన అకౌంటెంట్‌ను చూస్తే తర్వాతి యజమాని రేపు మా లెక్కలూ ఇలాగే పెడుతుందేమో అనుకుంటాడు. సెటిల్‌మెంట్ కాగితాల మీద సంతకం పెట్టి ఉంటే, కంపెనీ గురించి బయట ఏం మాట్లాడొచ్చో అందులో షరతు ఉందేమో పోస్టుకు ముందు ఒకసారి చదవమనండి.

ఫొటో చుట్టూ #OpenToWork ఆకుపచ్చ చట్రం పెట్టాలా అని మీరు తప్పకుండా అడుగుతారు. ఉద్యోగంలో ఉండి వెతుక్కునేవాళ్లయితే రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకుంటారు (అది కూడా సొంత కంపెనీకి తెలియదన్న పూర్తి హామీ ఏమీ లేదు). ఈమెకు దాచాల్సినవాళ్లు ఎవరూ లేరు, పెట్టేయడమే. చట్రం కంటే ముఖ్యం పేరు కింద ఉండే Headline, 220 అక్షరాలు. అక్కడ ఇంకా పాత కంపెనీ పేరే ఉంది, దాన్ని పోస్టు మొదటి రెండు వాక్యాలతో మార్చాలి. అలాగే పోస్టులో 6 రోజులని, రెజ్యూమెలో 5 రోజులని ఉండకూడదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, లెక్కలు సరిచూడటమే వృత్తి అయిన మనిషి కాగితాల్లో రెండు అంకెలు కలవకపోతే ఇంటర్వ్యూ దాకా వెళ్లదు.

పోస్టు వేశాక లైకులు లెక్కపెట్టొద్దని చెప్పండి, వచ్చే మెసేజ్‌లు ఏ రకమో చూడమనండి. ఇన్సూరెన్స్ అమ్మే పని, కమిషన్ పని అంటూ వస్తుంటే ఇంకా ఎక్కడో "ఏ పనైనా" వాసన తగులుతోందన్నమాట. అన్నీ బిల్లులు ఎక్కించే ఉద్యోగాలే వస్తే 900 అనే అంకె క్లోజ్‌ను మింగేస్తోంది, దాన్ని ఇంకా కిందికి దించాలి. పోస్టును తర్వాత కూడా సవరించుకోవచ్చు. ఇంటర్వ్యూకి ముందే రిజిస్ట్రేషన్ ఫీజు అనో, ట్రైనింగ్ ఖర్చు అనో డబ్బు అడిగే మెసేజ్‌లు కూడా వస్తాయి, లేఆఫ్ పోస్టులను చూసే కొందరు వేట మొదలెడతారు. వాటికి జవాబే ఇవ్వొద్దు.

ఇంగ్లీషు పోస్టు తయారయ్యాక వేసే ముందు నాకొకసారి పంపమనండి. ఆ 60 రోజుల వాక్యం గురించి ఇంకో ప్రశ్న అడగాలి, ఫోన్‌లో మర్చిపోయాను.