వైజాగ్‌లో లోకల్ షాపులకి యాడ్స్: బడ్జెట్ ఎంత, ఫీజు ఎంత?

"వైజాగ్‌లో చిన్న షాపులకి ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్స్ నడుపుదామనుకుంటున్నా. బడ్జెట్ ఎంత పెట్టించాలి, రిజల్ట్ ఎలా చూపించాలి, నా ఫీజు ఎంత అడగాలి?"

ముందు ఆ షాపులో ఒక బిల్లు మీద ఎంత మిగులుతుందో అడగండి. నేను అడక్కుండానే మొదలుపెట్టి దెబ్బతిన్నా, అందుకే చెప్తున్నా.

గాజువాకలో ఒక చీరల షాపు. రోజుకి 300 చొప్పున 15 రోజులు, 4,500 అని మాట్లాడుకున్నాం. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 810 పడుతుందని నేను ముందు చెప్పలేదు. బిల్లు 5,310 వచ్చేసరికి ఓనర్ నావైపు అదోలా చూశాడు. పైగా డబ్బు నా కార్డు మీద కట్టాను, యాడ్ అకౌంట్ కూడా నాదే. మధ్యలో నేనేమైనా నొక్కేశానా అని ఆయనకి అనుమానం వస్తే తప్పు ఆయనది కాదు కదా. ఇప్పుడైతే అకౌంట్ షాపు పేరు మీదే తెరిపిస్తా, కార్డు వాళ్లది, నాకు యాక్సెస్ మాత్రమే. రెగ్యులర్ జీఎస్టీ ఉన్న షాపైతే ఆ నంబర్ కూడా అకౌంట్లో ఎక్కిస్తా, ఆ 18 శాతాన్ని వాళ్లు క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి ఆ వీలు లేదు.

ఇంకోటి, రోజుకి 300 అన్నామని ప్రతిరోజూ సరిగ్గా 300 అవ్వదు. ఒకరోజు 400 దాటుతుంది, ఇంకోరోజు తగ్గుతుంది, వారం మొత్తం మీద లెక్క సరిపోతుంది. ఇది ముందే చెప్పకపోతే రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది.

సరే, యాడ్ నొక్కితే షాపు వాట్సాప్ తెరుచుకునేలా పెట్టాను. ఆ 15 రోజుల్లో యాడ్ రిపోర్టులో Messaging conversations started అనే చోట 90 కనిపించింది, అంటే అన్ని చాట్‌లు మొదలయ్యాయని. మెసేజ్‌కి 50 రూపాయలే పడింది అని స్క్రీన్‌షాట్ తీసి గొప్పగా పంపాను. ఆయన ఒక్క మాట అన్నాడు, "బాబూ, మెసేజ్‌లు కాదు, గల్లాలో ఏం పడిందో చెప్పు." వాట్సాప్ తెరిచి ఇద్దరం ఒక్కొక్కటీ చూశాం. సగానికి పైగా యాడ్ నొక్కగానే దానంతట అదే వచ్చే ఇంగ్లీషు వాక్యమే, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నిజంగా ధర అడిగినవాళ్లకి జవాబు వెళ్లింది రాత్రి షాపు కట్టేశాక. ఎంవీపీ కాలనీ నుంచి అడిగినవాళ్లు కొందరున్నారు, వాళ్లు జగదాంబ సెంటర్ షాపులు వదిలేసి గాజువాక దాకా చీర కోసం ఎందుకొస్తారు! నేనే బద్ధకంగా యాడ్ సిటీ మొత్తానికీ కనిపించేలా పెట్టేశాను.

షాపుకొచ్చి కొన్నవాళ్లు 9 మంది. సగటు బిల్లు 2,400 అనుకుంటే 21,600, అందులో ఆయనకి మిగిలేది పావు వంతు, 5,400. యాడ్ ఖర్చు 5,310 తీసేస్తే చేతిలో 90 రూపాయలు. దాంట్లోంచి నా ఫీజు ఎలా అడగను? అడగలేదు.

రెండోసారి శ్రావణ మాసం ముందు అదే డబ్బుతో మళ్లీ చేశాం. షాపు చుట్టూ 6 కిలోమీటర్లు పెట్టాను, కూర్మన్నపాలెం, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ వైపు వచ్చేలా. (బీచ్‌రోడ్డు పక్క షాపులకి ఇలా సర్కిల్ గీస్తే సగం సముద్రంలో పడుతుంది, డబ్బు పోదుగానీ జనం తగ్గిపోతారు, పిన్ను కొంచెం ఊరివైపు జరపండి.) ఆటోమేటిక్ ఇంగ్లీషు వాక్యం తీసేసి "వరలక్ష్మీ వ్రతానికి చీరలు ఏ ధరలో ఉన్నాయి?" అని మార్చాను. షాపులో ఉండే అమ్మాయి పది నిమిషాల్లో జవాబివ్వాలి, కౌంటర్ దగ్గర ఫోన్లో మెసేజ్ చూపించినవాళ్లకి నోట్‌బుక్‌లో ఒక టిక్కు, పక్కన బిల్లు మొత్తం. అంతే.

మెసేజ్‌లు 61కి పడిపోయాయి. స్క్రీన్ మాత్రమే చూస్తే ఫెయిలైనట్టే. నోట్‌బుక్‌లో మాత్రం 17 బిల్లులు, 40,800. మార్జిన్ 10,200, యాడ్ ఖర్చు పోగా 4,890. అందులో 3,500 నా ఫీజు తీసుకున్నా. పండగ గిరాకీ కూడా ఇందులో కలిసిందని ఆయనకి చెప్పే తీసుకున్నా, అంతా యాడ్ మహిమే అంటే వచ్చేనెల దొరికిపోతాం.

పర్సంటేజీ మీద మాత్రం ఒప్పుకోకండి. 4,500లో 10 శాతం అంటే 450, మీ పెట్రోలుకే చాలదు. ఎక్కువ శాతం అడిగితే వాళ్ల ఖర్చు పెంచాలని మీకే బుద్ధి పుడుతుంది. యాడ్ డబ్బు వేరు, ఫీజు వేరు అని వాట్సాప్‌లోనైనా రాసి పెట్టుకోండి. నా ఫీజు గంటల లెక్క: వీడియో తీయడం, సెటప్ ఒక పూట, తర్వాత రోజుకి పావుగంట, చివర్లో నోట్‌బుక్‌తో కూర్చోడం గంట. ఆ లెక్కకీ షాపు మార్జిన్‌కీ పొంతన కుదరకపోతే, ఉదాహరణకి 100 రూపాయల బిల్లులుండే టిఫిన్ సెంటర్‌కి, వద్దనే చెప్తా. ఆ చీరల షాపుక్కూడా నెలనెలా చేయట్లేదు, మళ్లీ దసరా ముందే.