ఇద్దరు మానేశారు, రాసిన ఆప్షన్ల ఖర్చు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ చేసే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. 2024 ఏప్రిల్ 1న పదిమంది మేనేజర్లకు తలా 3,000 స్టాక్ ఆప్షన్లు, అంటే ముందే అనుకున్న ధరకు కంపెనీ షేర్లు తీసుకునే హక్కులు, ఇచ్చాం. ఏటా మూడో వంతు చొప్పున మూడేళ్లలో చేతికొస్తాయి. షేరుకు పది రూపాయలు కట్టాలి. వాల్యుయేషన్‌లో ఒక్కో ఆప్షన్ విలువ అరవై రూపాయలని తేలింది. ఆడిటర్ మొదటి ఏడాదే 11 లక్షలు ఖర్చు రాయించారు. 2025 ఆగస్టులో ఇద్దరు మానేశారు. పైసా బయటికి పోనిదానికి ఖర్చేమిటి? మానేసినవాళ్ల భాగం వెనక్కి రాసుకోవచ్చా? ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్లు ఒప్పుకుంటారా?

జవాబు: మీ ఆడిటర్ లెక్క సరైనదే. పైసా పోలేదు నిజమే, కానీ మేనేజర్ల పని మీరు పుచ్చుకున్నారు. ఆ పనికి కొంత జీతం డబ్బుగా ఇచ్చి, మిగతాది వాటాగా ఇస్తామన్నారు. అందుకే ఆప్షన్ ఇచ్చిన రోజున దాని విలువ కట్టి, హక్కు చేతికొచ్చేదాకా, అంటే వెస్టింగ్ కాలమంతా, ఖర్చుగా పంచి రాయాలి. నగదు కదలదు కాబట్టి ఆ మొత్తం అప్పు కింద కాదు, వాటాదారుల నిధుల్లోనే ‘షేర్ ఆప్షన్స్ ఔట్‌స్టాండింగ్’ అనే ఖాతాలో చేరుతుంది. ఎంట్రీ ఇంతే: ఉద్యోగుల పరిహారం ఖర్చు డెబిట్, ఆ ఖాతా క్రెడిట్.

పద్దెనిమిది లక్షలు మూడేళ్లకు కాబట్టి ఏటా ఆరు లక్షలు ఉండాలి కదా అనిపిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. హక్కు విడతలుగా వచ్చేటప్పుడు ఒక్కో విడతనూ వేరే స్కీముగా చూడాలి. మీ పదిమందికీ కలిపి విడతకు 10,000 ఆప్షన్లు, విలువ 6 లక్షలు. మొదటి విడతకు ఒక ఏడాది పని చాలు, కనుక ఆ 6 లక్షలూ మొదటి ఏడాదిలోనే పడతాయి. రెండో విడతకు రెండేళ్లు పని చేయాలి, ఏడాదికి 3 లక్షలు. మూడో విడత మూడేళ్లది, ఏడాదికి 2 లక్షలు. మొదటి ఏడాదిలో మూడూ కలిసి 11 లక్షలు, రెండో ఏడాది 5, మూడో ఏడాది 2. భారం ముందే పడుతుంది, అది లెక్క తీరు. లెక్క సులువుకని మూడు విడతలకూ అరవై రూపాయలే పట్టుకున్నాను. నిజానికి విడత గడువు పెరిగేకొద్దీ విలువ కాస్త మారుతుంది, వాల్యుయేషన్ రిపోర్టులో విడతవారీగా చూడండి.

ఇక మానేసిన ఇద్దరు. ఏప్రిల్‌లో మొదటి విడత హక్కు వాళ్ల చేతికొచ్చేసింది, ఆగస్టులో వెళ్లారు. కాబట్టి మొదటి విడత జోలికి పోకూడదు, పని జరిగింది, ఖర్చు నిలుస్తుంది. మిగతా రెండు విడతల్లో వాళ్ల హక్కు రాజీనామాతో పోతుంది, ఇది కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన షేర్ క్యాపిటల్ నిబంధనల్లో 12వ నిబంధన. వాటికి ఇంతవరకు రాసింది ఏడాది చివర సవరించాలి. ఇద్దరు పోగా విడతకు 8,000 ఆప్షన్లు, విలువ 4 లక్షల 80 వేలు. రెండో విడతలో మొదటి ఏడాది 3 లక్షలు రాశారు, ఇప్పుడు మిగిలింది 1 లక్షా 80 వేలే. మూడో విడతలో రెండేళ్లకు చేరాల్సింది 4 లక్షల 80 వేలలో మూడింట రెండు వంతులు, అంటే 3 లక్షల 20 వేలు. 2 లక్షలు ముందే రాశారు కనుక 1 లక్షా 20 వేలు. కాబట్టి 2025-26లో ఖర్చు 5 లక్షలకు బదులు 3 లక్షలు, ఆపై ఏడాది 1 లక్షా 60 వేలు. మొత్తం 15 లక్షల 60 వేలు. కిందటేడు లెక్కలు తెరిచి దిద్దనక్కర్లేదు, సవరణ అంతా ఈ ఏడాదిలోనే పడుతుంది. ఎందరు మానేస్తారో ప్రతి మార్చి చివరా అంచనా వేసుకోవడం కూడా ఇందులో భాగమే. మొదటి ఏడాది ఎవరూ పోరని మీరు లెక్కకట్టినట్టున్నారు, సీజన్ పనుల్లో అది అత్యాశే.

వాళ్లిద్దరి మొదటి విడత ఆప్షన్లు, తలా 1,000, ఏమవుతాయి? మానేశాక ఎన్నాళ్లలో వాడుకోవాలో మీ స్కీములో రాసి ఉంటుంది. ఆ గడువులో వాడుకోక ఆప్షన్లు చెల్లకుండా పోతే, వాటికి రాసిన 1 లక్షా 20 వేలు ఖర్చులోంచి వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. ఔట్‌స్టాండింగ్ ఖాతాలోంచి జనరల్ రిజర్వుకు మార్చుకోవచ్చు, లాభం కింద మాత్రం చూపకూడదు. బ్యాంకుకు చూపే లాభం పెరుగుతుందని ఈ ఎంట్రీకి ఆశపడేవాళ్లుంటారు, ఆడిటర్ కళ్లకు అదే ముందు పడుతుంది. పోనీ, మిగతా ఖర్చు ఎగ్గొట్టడానికి స్కీమునే రద్దు చేద్దామనుకుంటే, పరిహారం ఇవ్వకపోయినా సరే, మిగిలిన ఖర్చంతా ఆ రోజే పడుతుంది. ఉద్యోగి చనిపోతే మాత్రం దారి వేరు. అతని ఆప్షన్లన్నీ ఆ రోజే వారసుల హక్కవుతాయి. అతన్ని మానేసినవాళ్ల లెక్కలో కలపకూడదు.

ట్యాక్స్ సంగతి. 2025-26 వరకు పాత 1961 చట్టమే. ‘డబ్బు పోలేదు, ఇది ఊహాజనిత ఖర్చు’ అని ఆఫీసర్ కొట్టేయడం మామూలే. దీనిపై బయోకాన్ కంపెనీ కేసులో బెంగళూరు ఇన్‌కమ్‌ట్యాక్స్ ట్రైబ్యునల్ ప్రత్యేక ధర్మాసనం 2013లో, కర్ణాటక హైకోర్టు 2020లో కంపెనీ పక్షాన తీర్పిచ్చాయి: ఉద్యోగికి ఇచ్చే తగ్గింపు 37(1) సెక్షన్ కింద వ్యాపార ఖర్చే, వెస్టింగ్ కాలంలో పంచి చూపవచ్చు. మన హైకోర్టుకు ఆ హైకోర్టు తీర్పు కట్టుబాటు కాదు, కానీ విశాఖపట్నం ట్రైబ్యునల్ ముందు బలమైన ఆధారం. ఒక జాగ్రత్త: ఆ కేసులో తగ్గింపు అంటే మార్కెట్ విలువకూ చెల్లించే ధరకూ తేడా. మీ అరవై రూపాయలు ఆప్షన్ మోడల్‌తో కట్టిన విలువ అయితే రెండూ ఒకటి కావు. రిటర్నులో వాడింది ఏది, ఎందుకు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పోయిన ఆప్షన్ల భాగాన్ని ఆదాయంలో కలపడమూ అదే తీర్పులో ఉంది, దాన్ని మరిచి ఖర్చు మాత్రం అడిగితే కేసు చెడుతుంది. ఉద్యోగి వైపు పన్ను షేరు తీసుకున్నప్పుడు, ఆనాటి విలువలోంచి పది రూపాయలు తీసేసిన తేడా మీద జీతంగా పడుతుంది. మీ షేర్లు లిస్ట్ కాలేదు కనుక మర్చంట్ బ్యాంకర్ విలువ కట్టాలి, టీడీఎస్ మీరే కోయాలి. మానేసిన ఇద్దరు షేర్లు తీసుకున్నా ఈ పని మీదే.

చివరగా ఒకటి చూసుకోండి. మీ పదిమందిలో చైర్మన్ బావమరిదో, పెద్ద వాటాదారో ఉన్నారా? మన ప్రాంతం కంపెనీల్లో ఇది మామూలే. ప్రమోటరుకూ ప్రమోటర్ వర్గంవారికీ, పది శాతానికి మించి షేర్లున్న డైరెక్టరుకూ ఆప్షన్లు ఇవ్వకూడదు. గుర్తింపు పొందిన స్టార్టప్‌కు మొదటి పదేళ్లు మినహాయింపు ఉంది. వాటాదారుల తీర్మానం ఏప్రిల్ 1కి ముందే అయిందా అన్నదీ చూడండి. ఆప్షన్లు ఇస్తున్నామన్న లెటర్ ముందు, తీర్మానం తర్వాత అయితే ఆప్షన్ ఇచ్చిన తేదీ తీర్మానం తేదీయే అవుతుంది. వెస్టింగ్‌కు కనీసం ఏడాది ఉండాలన్న నియమం అక్కడినుంచే మొదలై, 2025 ఏప్రిల్ వెస్టింగే చెల్లకపోవచ్చు. అదే జరిగితే ఆ ఇద్దరి మొదటి విడత మీద పైన చెప్పిందంతా మళ్లీ లెక్కించాలి. తీర్మానం నకలు, లెటర్లు, ఆప్షన్ల వివరాలు రాసే ఎస్‌హెచ్-6 రిజిస్టరు ముందు పెట్టుకుని తేదీలు సరిపోల్చండి.