తీయవలసిన ఎముక, ఉంచవలసిన ఎముక

సందేహం: మా పెదనాన్నగారి ఆసుపత్రి నివేదికను ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా తెలుగులో రాస్తున్నాను. ఆయనకు మధుమేహం ఉంది. మోకాలి కింది పెద్ద ఎముక నడిమి భాగంలో నాలుగేళ్లుగా చీము కారుతోంది. సీక్వెస్ట్రమ్‌కు ‘మృతాస్థి’, ఇన్వోల్యూక్రమ్‌కు ‘అస్థి కవచం’, స్టేజికి ‘దశ’, డెబ్రైడ్‌మెంట్‌కు ‘శుభ్రపరచడం’, డెడ్ స్పేస్‌కు ‘మృత స్థలం’ అని రాశాను. సరేనా?

సమాధానం: ‘మృతాస్థి’ని అలాగే ఉంచండి. మిగిలిన నాలుగూ మార్చాలి. ఎందుకో తెలియాలంటే ఆ ఎముకలో జరిగినదేమిటో చూడాలి.

ఎముక లోపల చీము పట్టినప్పుడు దాని ఒత్తిడికి రక్తనాళాలు మూసుకుపోతాయి. చీము బయటి పొర కిందికి చేరి ఆ పొరను ఎముక నుంచి లేపేస్తుంది. రెండు వైపులా రక్తం అందని ముక్క చచ్చిపోయి, బతికిన ఎముక నుంచి విడిపడుతుంది. అదే సీక్వెస్ట్రమ్. దానికి రక్తప్రసరణ లేదు కనుక మందు చేరదు. సూక్ష్మజీవులు దాని మీద జిగురు పొర కట్టుకుని కాపురముంటాయి. మందు వాడినన్నాళ్లు చీము తగ్గి, ఆపగానే మళ్లీ రావడానికి కారణం ఇదే. ఎక్స్‌రేలో చుట్టూ ఉన్న ఎముక పలచబడి, ఈ ముక్క మాత్రం చిక్కటి తెలుపులో కనిపిస్తుంది.

లేచిపోయిన ఆ పొర ఊరుకోదు. తన కింద కొత్త ఎముకను పోస్తూ చచ్చిన ముక్క చుట్టూ గొట్టంలా పెరుగుతుంది. అదే ఇన్వోల్యూక్రమ్. ఇది బతికిన ఎముక, కాలి బరువు మోయగలది. మొదటిదాన్ని తీసేయాలి, రెండవదాన్ని కాపాడాలి. పిల్లల్లో ఈ కొత్త ఎముక గట్టిపడకముందే తొందరపడి చచ్చిన ముక్కను తీస్తే కాలు విరగవచ్చు, లేదా ఎముకలో పూడని తెంపు మిగలవచ్చు. నేనైతే ‘తొడుగు ఎముక’ అంటాను. ‘కవచం’ అనే మాట నివేదిక చివర మరోచోట అవసరపడుతుంది, దాన్ని ఇక్కడ ఖర్చు చేయకండి.

‘దశ’ అన్న మాట పాఠకుణ్ణి నిజంగా తప్పుదారి పట్టిస్తుంది. ఒకటి, రెండు, మూడు అని వ్యాధి ముదిరిన క్రమమనే ఎవరైనా అనుకుంటారు. ఎముక చీము వ్యాధిని వర్గీకరించడానికి 1985లో సియర్నీ, మేడర్ అనే వైద్యులు ప్రతిపాదించిన ఈ పద్ధతిలో అంకె చెప్పేది చోటును: 1 మజ్జలో, 2 ఎముక ఉపరితలం మీద, 3 ఎముక మందమంతా పట్టినా తీసేశాక ఎముక నిలబడగలిగేది, 4 ఎముక నిలకడే పోయినది. పక్కనుండే అక్షరం రోగి శరీరాన్ని చెబుతుంది. ఏ అంటే తట్టుకునే ఒళ్లు, బీ అంటే గాయం మానడాన్ని అడ్డుకునే లోపమున్నది, సీ అంటే శస్త్రచికిత్స చేసే మేలు కన్నా కీడే ఎక్కువైన స్థితి. మీ పెదనాన్నగారిది ‘మూడు, బీ’ అని ఉంటే దాన్ని ‘మూడవ రకం, మధుమేహం వల్ల గాయం మానే శక్తి తగ్గినవారు’ అని రాయండి. రక్తంలో చక్కెరను ముందుగా అదుపులోకి ఎందుకు తెచ్చారో కూడా అప్పుడు ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

‘శుభ్రపరచడం’ అంటే కడిగి కట్టు కట్టారని అర్థమవుతుంది. నిజానికి వైద్యులు చచ్చిన ముక్కను, చీము దారిని, నిర్జీవ కణజాలాన్ని కోసి తీసేస్తారు. మిగిలిన ఎముకను చెక్కుతూ, కారం పొడి చల్లినట్లు సన్నని రక్తపు చుక్కలు పైకి వచ్చేచోట ఆగుతారు. నెత్తురు రానిది ఎంత గట్టిగా ఉన్నా చచ్చినదే. ఇక్కడ పిసినారితనం చూపితే వ్యాధి తిరగబెడుతుంది. ‘చచ్చిన భాగాలను కోసి తీయడం’ అనండి. మాట పొడుగైనా నిజం.

అలా తీశాక మిగిలేది గుంత. అందులో చచ్చినదేమీ లేదు, అందుకే ‘మృత స్థలం’ పనికిరాదు. వదిలేస్తే అక్కడ రక్తం నిలిచి మళ్లీ చీము పడుతుంది. జెంటామైసిన్ కలిపిన సిమెంటు పూసలను అందులో ఉంచితే మందు ఆ చోటే ఎక్కువ మోతాదులో అందుతుంది. కానీ ఆ పూసలు కరగవు, కొన్ని వారాలకు తీయాలి. కాల్షియం సల్ఫేటు పూసలు కరిగిపోతాయి, అయితే కొందరిలో గాయం నుంచి కొన్నాళ్లు నీరు కారుతుంది. దాన్ని చీము అనుకుని కంగారు పడేవారున్నారు.

‘కవచం’ అవసరపడేది ఇక్కడే. పైపొర పోయిన వట్టి ఎముక మీద చర్మం అతికిస్తే అంటుకోదు. రక్తప్రసరణ ఉన్న కండరాన్ని తెచ్చి కప్పాలి. కాలి నడిమి భాగానికి పిక్కలోని సోలియస్ కండరాన్ని మళ్లిస్తారు, పై భాగానికి గ్యాస్ట్రోక్నీమియస్‌ను. చీలమండ దగ్గర అందుబాటులో తగిన కండరం ఉండదు కనుక, తరచుగా ఒంట్లో మరోచోటి నుంచి కణజాలాన్ని తెచ్చి రక్తనాళాలు కలుపుతారు.

మీ వాక్యాన్ని ఇలా రాయవచ్చు: ‘మూడవ రకం ఎముక చీము వ్యాధి. తొడుగు ఎముకను ఉంచి, లోపలి మృతాస్థిని, చుట్టూ ఉన్న చచ్చిన భాగాలను నెత్తురు కనిపించేవరకు తీశారు. గుంతను మందు పూసలతో నింపి, పిక్క కండరాన్ని మళ్లించి, దానిమీద చర్మం అతికించి కవచం కల్పించారు.’