సబ్బులు, కొవ్వొత్తుల బ్రాండ్‌కు పేరు పెట్టే ముందు
ఇంట్లో చేసిన సబ్బులు, కొవ్వొత్తులు ఇన్‌స్టాలో, వీకెండ్ మార్కెట్లలో అమ్ముతున్నాను. అనుకున్న పేరు ఇన్‌స్టాలో ఖాళీగా ఉంది, పెట్టేసుకోవచ్చా?

అదొక్కటే చాలదు, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో క్లాస్ 3, క్లాస్ 4 రెండింటిలోనూ వెతికాకే పెట్టుకోండి. సబ్బులు 3లోకి, కొవ్వొత్తులు 4లోకి వస్తాయి. ఒకదాంట్లో ఖాళీగా ఉన్న పేరు రెండోదాంట్లో ఎవరిదో అయి ఉండొచ్చు. స్పెల్లింగ్ వేరైనా పలికితే ఒకేలా ఉంటే చిక్కే, కాబట్టి ఫొనెటిక్ సెర్చ్ కూడా చేయండి.

‘మల్లె సోప్స్’ అని పెట్టారనుకోండి. అది సరుకును వర్ణించే మాట, మామూలుగా రిజిస్టర్ కాదు. పక్క స్టాల్‌వాళ్లు మల్లె సబ్బు అని రాసుకున్నా ఆపలేరు. సబ్బుతో సంబంధమే లేని ‘పిట్టగోడ’ లాంటి మాటకు ఆ ఇబ్బంది లేదు (వినడానికి వింతగా ఉన్నా సరే).

ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే పేరు మనదేనని చాలామంది అనుకుంటారు. అది చిన్న వ్యాపారంగా నమోదు మాత్రమే, పేరు మీద హక్కు ఇవ్వదు.