శోభనం రాత్రే అన్నీ జరిగిపోవాలా?

ప్రశ్న: పెద్దలు కుదిర్చిన పెళ్లి. నాకు బెంగళూరులో ఉద్యోగం. ఆ అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడింది కొంచెమే. శోభనం రాత్రి ఏమీ జరగకపోతే తప్పా?

తప్పేమీ లేదు. పెళ్లి హడావిడిలో ఇద్దరికీ సరిగ్గా నిద్ర ఉండదు. టెన్షన్‌లో ఆమె కటి కండరాలు బిగుసుకుంటే కలయిక నొప్పిగా ఉంటుంది. అదే టెన్షన్‌తో మీకు అంగస్తంభన రాకపోవచ్చు. రక్తం కనిపించాలన్న పట్టింపు మాత్రం పూర్తిగా వదిలేయండి. మొదటి కలయికలో చాలామందికి రక్తం రాదు, అది దేనికీ రుజువు కాదు.

మారతహళ్లిలో ఉండే మా బంధువుల అబ్బాయి ఆ రాత్రి, "ఈరోజు ఏమీ అక్కర్లేదు, కబుర్లు చెప్పుకుందాం. మీకు ఓకేనా?" అన్నాడట. జడలో పిన్నులు తీసుకుంటూ ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట, "పొద్దున అత్తయ్య అడిగితే ఏం చెప్పాలి?" అసలు భయం అదీ! "బాగానే ఉన్నామని చెబుదాం, మిగతాది మన మధ్యే" అని ఇద్దరూ అనుకున్నారు. ఆ ఒప్పందంతోనే ఆమెకు అతని మీద నమ్మకం కుదిరింది.

తర్వాతైనా మౌనాన్ని అంగీకారం అనుకోకండి. ఆమె బిగుసుకుపోయినా, ముఖం తిప్పుకున్నా ఆగి అడగండి. పిల్లలు ఎప్పుడన్నది, గర్భనిరోధకం సంగతి ముందే మాట్లాడుకోండి. తొందరపడకపోయినా ప్రతిసారీ నొప్పి వస్తుంటే ఇద్దరూ కలిసి గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి, దానికి చికిత్స ఉంది.