సెలవు ఎవరి దగ్గర తీసుకోవాలి?

సందేహం: హైదరాబాదులో తెలుగు కంటెంట్ చూసే టీములో ఆరేళ్ళు పనిచేశాను. మా మెయిళ్ళన్నీ తెలుగులోనే నడుస్తాయి. వచ్చే శుక్రవారం నా ఆఖరి రోజు. టీమ్ మొత్తానికి చిన్న మెయిల్ ఒకటి పెట్టాలి. సబ్జెక్టులో ‘సెలవు’ అని రాస్తే లీవ్ లెటర్ అనుకుంటారని స్నేహితురాలు అంటోంది. ‘వీడ్కోలు’ అంటే ఎవరో పోయినట్టుంది అని మా అమ్మ. ‘వెళ్ళొస్తాను’ అందామంటే, మళ్ళీ రాను కదా, అబద్ధమవుతుందేమో. ఏది రాయాలి? నా డ్రాఫ్టు జతచేశాను, దిద్దిపెట్టగలరు.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందుగా, మీ డ్రాఫ్టులో ‘శలవు’ అని ఉంది. అది ‘సెలవు’. అచ్చతెలుగు మాటకు ఆ శకారం అక్కర్లేదు. పాత ఉత్తరాల్లో చాలామంది అలా రాసేవారు, ఇప్పటికీ బోర్డుల మీద కనిపిస్తుంది. అలవాటు పాతదైనంత మాత్రాన రూపం సరైనదైపోదు.

ఇది తోటి ద్రావిడ భాషలకు అయినవాళ్ళ మాట. ‘పోవు, సాగు, గడచు’ అనే అర్థాలున్న ధాతువు నుంచి వచ్చింది. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్ళడం. వాళ్ళ ‘సెలవు’ ఈరోజు ఖర్చు అనే అర్థంలో వాడుకలో ఉంది గానీ, సంగం నాటి కవిత్వంలో అది ప్రయాణమే. ధనం సంపాదించుకు రావడానికి బయలుదేరిన నాయకుడు, నాయిక ముఖం చూసి కాలు కదలక ప్రయాణం వాయిదా వేసుకోవడం అక్కడ ఒక ప్రసిద్ధమైన ఘట్టం. దానికి ‘సెలవళుంగుదల్’ అని పేరే ఉంది. వెళ్ళాలి, వెళ్ళబుద్ధి కావడం లేదు అనే ఆ సందిగ్ధం ఈ మాటతో అంత పాతది.

మన తెలుగులో అదే ధాతువు ‘చెల్లు’గా నిలిచింది. నోటు చెల్లుతుంది, బాకీ చెల్లిస్తాం, ‘చెల్లుకు చెల్లు’ అంటాం. అన్నిటిలోనూ ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోవడమే ఉంది. ‘సెలవు’కు కూడా పాత తెలుగులో ఖర్చు అనే అర్థం ఉంది, బ్రౌన్ నిఘంటువులో చూడవచ్చు. దాని పక్కనే ఆజ్ఞ, అనుమతి అనే అర్థాలూ ఉన్నాయి. ‘తమరు సెలవిచ్చినట్టే చేస్తాం’ అన్నప్పుడు సెలవు అంటే పెద్దల నోటి మాట. ‘ఇక సెలవిప్పించండి’ అన్నప్పుడు అదే మాట అనుమతి. బడి సెలవు, ఆఫీసు సెలవు ఈ అనుమతి నుంచే వచ్చాయి: పై వాళ్ళు ‘ఈరోజు రానక్కర్లేదు’ అని ఇచ్చేది.

ఇంత వెనక్కి ఎందుకు వెళ్ళానంటే, ఈ అర్థాలన్నిటిలోనూ ఒకటి స్థిరంగా ఉంది. సెలవు ఒకరు అడిగేది, ఇంకొకరు ఇచ్చేది. ఒంటరిగా ఉన్నవాడికి సెలవు లేదు. అందుచేత మీ స్నేహితురాలి భయానికి జవాబు మాట మార్చడంలో లేదు, దాని పక్కన ఏం పెడతామన్న దాంట్లో ఉంది. ‘శుక్రవారం సెలవు తీసుకుంటున్నాను’ అంటే లీవే. ‘మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను’ అంటే ఇక ఎవరూ లీవ్ అనుకోరు. లీవ్‌కు రోజు కావాలి, ఈ సెలవుకు మనుషులు కావాలి. ఆ ‘దగ్గర’ అనే చిన్న మాటే తేడా చూపిస్తుంది. మాట ఒంటరిగా నిలబడే సబ్జెక్టు లైనులో మాత్రం మీ స్నేహితురాలి మాటే వినండి. రోజుకు పది లీవ్ మెయిళ్ళు వచ్చే పెట్టెలో పదకొండోది కూడా అలాగే కనిపిస్తుంది. పోనీ ‘ఇక సెలవు’ అని పెడదామా అంటే, ప్రముఖులు కన్నుమూసినప్పుడు పత్రికలు పెట్టే శీర్షిక అది.

‘వీడ్కోలు’ విషయంలో మీ అమ్మగారి చెవి మంచిది. ‘అంతిమ వీడ్కోలు’, ‘కన్నీటి వీడ్కోలు’ అని వార్తల్లో వాడి వాడి ఆ మాటకు చావు వాసన పట్టించారు. అసలు చిక్కు వేరే ఉంది. మేలుకొనడం నిద్రలేచేవాడి పని, మేలుకొలపడం లేపేవాడి పని. అలాగే వీడుకొనడం వెళ్ళేవాళ్ళ పని, వీడుకొలపడం ఉండేవాళ్ళ పని. ఇప్పుడు ఇద్దరూ ‘వీడ్కోలు పలికారు’ అనే అంటున్నారు. వాడుక అంతగా కలిసిపోయాక తప్పని తేల్చలేను గానీ, నా చెవికి ‘వీడ్కోలు పలకడం’ ఉండేవాళ్ళ నోట్లోనే బాగుంటుంది. మీ టీమ్ మీకు వీడ్కోలు చెప్పనివ్వండి, మీరు సెలవు తీసుకోండి.

‘వెళ్ళొస్తాను’ అబద్ధం కాదు. తమిళులూ కన్నడిగులూ కూడా వెళ్ళేటప్పుడు ‘పోయి వస్తాను’ అనే అంటారు. తెలంగాణలో ‘పోయొస్త’ అన్నా అదే. అది తిరిగి వచ్చే తేదీ చెప్పడం కాదు, తలుపు వెయ్యకుండా వెళ్ళడం. మెయిల్ చివర నిస్సంకోచంగా రాయండి.

ఇక మీ డ్రాఫ్టు. ‘ఈ అద్భుతమైన ప్రయాణంలో భాగమైనందుకు గర్విస్తున్నాను’ అన్నారు. ఉద్యోగం చేశారమ్మా, ప్రయాణం చెయ్యలేదు. ఈమధ్య పెళ్ళీ ప్రయాణమే, చదువూ ప్రయాణమే, కిడ్నీ జబ్బూ ప్రయాణమే. ఇంగ్లిషు వాళ్ళ అలంకారాన్ని అరువు తెచ్చుకుంటే మన దగ్గర వాక్యం ఉబ్బుతుంది, మనిషి కనిపించడు. ‘మిమ్మల్నందరినీ కోల్పోతున్నాను’ ఇంకా ప్రమాదం. మనుషుల్ని కోల్పోవడమంటే తెలుగులో వాళ్ళు చనిపోవడమే. ‘మిస్ అవుతాను’ అని మాట్లాడినట్టే రాసినా నాకు అభ్యంతరం లేదు, ‘మీరు గుర్తొస్తారు’ అంటే ఇంకా ఇష్టం. ‘సంప్రదింపులలో ఉందాము’ తీసెయ్యండి, సంప్రదింపులు పార్టీల పొత్తులకు జరుగుతాయి. ‘టచ్‌లో ఉందాం’ అనండి, లేదా ‘అప్పుడప్పుడూ పలకరించుకుందాం’ అనండి. ధన్యవాదాలా, కృతజ్ఞతలా అన్నారు, ఏదైనా ఒకటి, ఒక్కసారే.

డ్రాఫ్టులో రెండో పేరా పూర్తిగా తీసెయ్యమంటాను. నైట్ షిఫ్టుల వల్ల నడుంనొప్పి, అప్రైజల్‌లో జరిగిన అన్యాయం వల్ల మనసు విరగడం, ఇంట్లో పరిస్థితుల వల్ల టెన్షన్, మూడు వాక్యాల్లో మూడు ‘వల్ల’లు. ఆ బాధలు నిజమే అయి ఉంటాయి, వాటికి చోటు ఎగ్జిట్ ఇంటర్వ్యూ, లేదా దగ్గరి స్నేహితుల ఎదుట. టీమ్ అందరికీ వెళ్ళే మెయిల్‌లో నిన్న చేరిన కుర్రాడు కూడా ఉంటాడు. అతనికి మీ నడుంనొప్పితో పనేమిటి? భాష దృష్టితో చూసినా ‘వల్ల’ వెనక్కి చూస్తుంది, చదివేవాళ్ళు ఎవరిది తప్పా అని వెతుక్కుంటారు. కారణం చెప్పి తీరాలనిపిస్తే ముందుకు చూసే వాక్యం ఉంది: ‘చదువుకోవడానికి వెళ్తున్నాను’, ‘మా ఊరికి దగ్గరగా ఉండడానికి’. అర వాక్యంతో పని అయిపోతుంది. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని మాత్రం రాయకండి. ఏమీ చెప్పని మాట అది, అయినా ఆరా తియ్యమని పిలుస్తుంది. కారణం అసలు రాయకపోయినా మర్యాదకు లోటు లేదు.

పేర్ల జాబితా కూడా వద్దు. పద్నాలుగు మందికి పేరుపేరునా కృతజ్ఞత చెప్పారు, పదిహేనోవారు తమ పేరు కోసం రెండుసార్లు చదువుకుంటారు. బాగా సాయం చేసినవాళ్ళకు విడిగా రెండు లైన్లు పంపండి. అందరికీ వెళ్ళేదాంట్లో పేరు లేకుండా, అందరికీ తెలిసిన ఒక సంగతి చెప్పండి. మీ డ్రాఫ్టు చివర పండగ ముందురోజు రాత్రి ఫైళ్ళు పంచుకున్న ముచ్చట ఒకటి ఉంది. దాన్ని కింద ఎక్కడో దాచారు. మెయిల్ మొత్తానికి ప్రాణం అదే, పైకి తెచ్చాను. ‘ప్రియమైన బృంద సభ్యులారా’ తీసేశాను, అలా పిలిస్తే వేదికా మైకూ గుర్తొస్తాయి. టీమ్ తెలుగే అయిపోయింది.

> సబ్జెక్టు: ఈరోజు నా ఆఖరి రోజు
>
> అందరికీ నమస్కారం.
>
> ఈ సాయంత్రంతో ఇక్కడ నా ఉద్యోగం పూర్తవుతుంది. ఆరేళ్ళ కింద చేరినప్పుడు ఒక్క పేరా దిద్దడానికి పూట పట్టేది. పని నేర్పింది మీరే. పండగ ముందురోజు రాత్రి ఫైళ్ళు వచ్చిపడితే ‘నువ్వు సగం, నేను సగం’ అన్నవాళ్ళు ఈ టీములో చాలామంది ఉన్నారు. అది మర్చిపోను. అందరికీ కృతజ్ఞతలు.
>
> నా పనికి సంబంధించిన ఫైళ్ళన్నీ షేర్డ్ ఫోల్డరులో పెట్టాను. ఈ మెయిల్ ఐడీ సాయంత్రం నుంచి పనిచెయ్యదు, నా సొంత ఐడీ, ఫోన్ నంబరు కింద ఉన్నాయి. అప్పుడప్పుడూ పలకరించుకుందాం.
>
> మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. వెళ్ళొస్తాను.

ఆరేళ్ళకు ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే చాలు, మిగతాది కాఫీ దగ్గర చెప్పుకోవచ్చు. ‘మర్చిపోను’ పక్కన ‘ఎన్నటికీ’, ‘జీవితాంతం’ చేర్చాలని మీ చెయ్యి లాగుతుంది, చేర్చకండి. ‘పని నేర్పింది మీరే’ అన్న మూడు మాటల్లో కావలసినంత వెచ్చదనం ఉంది, విశేషణం పడితే అది చల్లారుతుంది. సబ్జెక్టులో ‘ఆఖరి రోజు’ బదులు ‘చివరి రోజు’ అన్నా తేడా లేదు. ‘చివరి చూపు’, ‘చివరి శ్వాస’ వంటివి గుర్తొచ్చి నేను ఆఖరి వైపు మొగ్గాను. మీ ప్రాంతంలో ‘ఆఖరు’కే ఆ ఛాయ ఉంటే మార్చుకోండి. ఇందులో కచ్చితమైన నియమం లేదు.

పంపే వేళ కూడా చూసుకోండి. పొద్దున్నే పంపితే రోజంతా అందరూ మీ సీటు దగ్గరే ఉంటారు, హ్యాండోవర్ సాగదు. లాప్‌టాప్ తిరిగి ఇచ్చాక పంపుదామంటే ఐడీ అప్పటికే ఆగిపోయి ఉండవచ్చు. భోజనం అయ్యాక, చేతిలో రెండు మూడు గంటలు ఉండగా పంపితే జవాబులు మీరే చదువుకుంటారు. టీమ్ అడ్రసు బీసీసీలో పెట్టండి, లేకపోతే ‘ఆల్ ది బెస్ట్’లు అందరి పెట్టెల్లోనూ పడతాయి. ఆ జవాబుల్లో ‘వీడ్కోలు’ అని ఎవరైనా రాస్తే అమ్మగారికి చెప్పండి, వాళ్ళు రాయవలసిన మాటే అది.